రెండు లెంగ్తులకే ఆయాసం: ఫ్రీస్టైల్‌లో ఊపిరి ఎక్కడ తప్పుతోంది?

రవి_కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. ఈ వేసవిలో మా ఇంటి దగ్గరి పూల్‌లో ఫ్రీస్టైల్ నేర్చుకున్నాను. పూల్ పొడవు 25 మీటర్లు. మొదటి లెంగ్త్ బాగానే వెళ్తాను. తిరిగి వచ్చేటప్పుడు సగం దూరం దాటేసరికి ఛాతీ బిగుసుకుపోయినట్టు అవుతుంది, గాలి చాలదు, ఎలాగో గోడ పట్టుకుంటాను. మళ్లీ మామూలు కావడానికి కనీసం రెండు నిమిషాలు పడుతోంది. చేతులు నొప్పి లేదు, కాళ్లు నొప్పి లేదు, ఊపిరే సమస్య.

నాకు అర్థం కానిది ఏమిటంటే, ఉదయం పూట 5 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలను. అంత స్టామినా ఉన్నవాడికి 50 మీటర్లకే ఇలా ఎందుకు? మా అమ్మాయి ఫోన్‌లో టైమ్ చూసింది. వెళ్లేటప్పుడు 27 సెకన్లు, వచ్చేటప్పుడు 36 సెకన్లు. మా కోచ్ మూడు చేతులకి ఒకసారి, అంటే మూడుసార్లు చెయ్యి వేశాక, ఊపిరి తీసుకోమన్నారు, అలాగే చేస్తున్నాను. ఎవరైనా దారి చూపిస్తే బాగుంటుంది.

జిమ్_ప్రసాద్

బ్రదర్, ఇది పక్కా స్టామినా సమస్యే. రన్నింగ్ స్టామినా వేరు, స్విమ్మింగ్ స్టామినా వేరు. నాకూ మొదట్లో అచ్చం ఇలాగే ఉండేది. నేను ఏం చేశానంటే, రోజూ పూల్‌లో దిగగానే నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టి 30 లెక్కపెట్టేవాణ్ణి, తర్వాత 40, తర్వాత 50. ఊపిరితిత్తులు అలవాటు పడ్డాయి. నెల తిరిగేసరికి రెండు లెంగ్తులు నాలుగయ్యాయి. ఇంకో మాట, నీళ్లలో ఉన్నప్పుడు గాలి మొత్తం వదిలేయాలి, అది చాలామంది చేయరు. ఈ రెండూ పాటించు, చాలు.

లలిత_వైజాగ్

రవి గారూ, నేను పెద్దవాళ్లకే ఈత నేర్పిస్తుంటాను. మీరు రాసినదాన్ని బట్టి కారణం ఊహించగలను కానీ, ముందు మూడు విషయాలు చెప్పండి.

ఒకటి, గోడ పట్టుకున్న మరుక్షణం మీరు మొదట చేసే పని ఏమిటి? గాలి బయటికి ఊదుతారా, లోపలికి లాక్కుంటారా? రెండు, ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వస్తున్నాయా? మీకు తెలియదు, పక్కన ఉన్నవాళ్లని చూడమనండి. మూడు, ఊపిరి కోసం తల తిప్పినప్పుడు మీకు ఏం కనిపిస్తుంది? పక్క లేన్ గోడా, పైకప్పా, ఎదురుగా ఉన్న గోడా?

ప్రసాద్ గారూ, గాలి వదలాలన్న మాట నిజం. కానీ నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టే అభ్యాసం దయచేసి ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా గట్టిగా నాలుగైదుసార్లు గాలి పీల్చి వదిలి ఆ తర్వాత మునిగితే, ఊపిరి తీసుకోవాలన్న కోరిక పుట్టకముందే మెదడుకు ఆక్సిజన్ తగ్గి స్పృహ పోవచ్చు. మునిగిన మనిషి గిలగిల కొట్టుకోడు, చప్పుడు చేయడు, పక్కన ఈదేవాళ్లకి కూడా తెలియదు. నడుము లోతు నీళ్లలో కూడా ఇలా ప్రాణాలు పోయాయి. పైగా రవి గారికి దానివల్ల లాభం లేదు. ఆయన ఇప్పటికే నీళ్లలో ఊపిరి బిగబట్టే ఈదుతున్నారేమోనని నా అనుమానం.

జిమ్_ప్రసాద్

మేడం, నాకు ఫలితం వచ్చింది కాబట్టే చెప్పాను. నేను గట్టిగా పీల్చి మునగలేదు, మామూలుగానే చేశాను. పక్కన లైఫ్‌గార్డ్ కూడా ఉండేవాడు. అయినా మీరు చెప్పిన ప్రమాదం విన్నాక ఒంటరిగా చేయొద్దనే నేనూ అంటాను.

గోదారి_గట్టు

మా వైపు పిల్లలందరం కాలవల్లోనే నేర్చుకున్నాం. తల పైకెత్తి, కళ్లు నీటిపైన ఉంచి గంటసేపు ఈదినా ఆయాసం వచ్చేది కాదు. ఈ పూల్ వాళ్లు ముఖం నీళ్లలో పెట్టమంటారు కాబట్టే ఈ గొడవంతా. తల పైకి పెట్టి హాయిగా ఈదండి, ఊపిరి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు.

లలిత_వైజాగ్

కాలవ ఈతలో మీరు నెమ్మదిగా, ప్రవాహంతో పాటు వెళ్తారు. మధ్యలో తేలుతూ ఆగుతారు కూడా. ప్రాణాలు కాపాడుకోవడానికి అది మంచి ఈతే, కాదనను. కానీ రవి గారు అడిగింది ఫ్రీస్టైల్ గురించి. ఫ్రీస్టైల్‌లో తల పైకి లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. ఒళ్లు ఏటవాలుగా నీటిని తోసుకుంటూ వెళ్లాలి. అదే దూరానికి ఎక్కువ శ్రమ అవుతుంది, ఎక్కువ గాలి కావాలి.

రవి_కూకట్‌పల్లి

లలిత గారూ, చాలా థాంక్స్. ఇవాళ చూసుకున్నాను.

గోడ పట్టుకోగానే నేను చేసేది పెద్దగా "హుఫ్" అని ఊదడం. ఆ తర్వాతే పీల్చుకుంటున్నాను. మీరు అడిగేదాకా ఎప్పుడూ గమనించలేదు. బుడగల సంగతి మా అమ్మాయి గట్టు మీద నడుస్తూ చూసింది. ముఖం నీళ్లలో ఉన్నప్పుడు ఏమీ రావట్లేదట, తల తిప్పే ముందు ఒక్కసారిగా కొన్ని వస్తున్నాయట. తల తిప్పినప్పుడు నాకు పైకప్పు లైట్లు కనిపిస్తున్నాయి.

లలిత_వైజాగ్

అయితే సంగతి తేలిపోయింది. గోడ దగ్గర మొదట ఊదాల్సి వచ్చిందంటే మీ ఊపిరితిత్తుల్లో గాలి లేక కాదు, పాత గాలి నిండుగా ఉండిపోయి. అందులో కొత్త గాలికి చోటు లేదు. మనకి "ఇక ఊపిరి తీసుకోకపోతే లాభం లేదు" అనిపించే ఆ తహతహ ఎక్కువగా ఆక్సిజన్ తగ్గడం వల్ల రాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల వస్తుంది. మీరు దాన్ని బయటికి పంపడం లేదు. పైపైన కాస్త పీల్చుకుంటూ ఉన్నారు. అందుకే గాలి పీలుస్తున్నా గాలి చాలనట్టే ఉంటుంది. ఛాతీ బిగుసుకున్నట్టు అనిపించేదీ అందుకే అయి ఉంటుంది.

మీ టైమ్ తీసుకుని లెక్క చూద్దాం. 25 మీటర్లకి 27 సెకన్లు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు అంత దూరానికి సుమారు 24 చేతులు వేస్తారనుకుందాం. ఒక్కో చేతికి ఒక సెకనుకి కొంచెం ఎక్కువ. మూడు చేతులకి ఒకసారి ఊపిరి అంటే మూడు సెకన్లకి పైగా ఒక్క ఊపిరి. అందులో మీ నోరు నీటి బయట ఉండేది అర సెకను, మహా అయితే ఇంకాస్త. ఆ అర సెకనులో పాత గాలి వదిలి, కొత్త గాలి పీల్చాలంటే ఎవరికీ కుదరదు. వదిలే పని మొత్తం నీళ్లలోనే అయిపోవాలి. బయట పీల్చుకోవడం ఒక్కటే ఉండాలి.

పరుగులో మీకు ఈ ఇబ్బంది ఎందుకు లేదంటే, అక్కడ ఊపిరి ఎప్పుడు కావాలంటే అప్పుడు దానంతట అదే వచ్చేస్తుంది. ఇక్కడ చేతుల లయ ఎప్పుడు అవకాశమిస్తే అప్పుడే తీసుకోవాలి. వదలడం మీరు నేర్చుకుని చేయాల్సిన పని.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఈదకండి. ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, రెండు చేతులతో గట్టు పట్టుకుని, నడుము వంచి ముఖం నీళ్లలో పెట్టండి. ముక్కుతో "మ్‌మ్‌మ్" అని కూనిరాగం తీసినట్టు గాలి వదలండి. కూనిరాగం తీస్తుంటే గాలి ఆపడం కుదరదు, ముక్కులోకి నీళ్లూ రావు, అందుకే ఇది చెప్తాను. మూడు సెకన్లు సన్నగా వదిలి, చివర్లో నోటితో కాస్త గట్టిగా "ఫూ" అని తోసేయండి. ఆ తోపు తగులుతుండగానే తల పక్కకి తిప్పండి. ఒక చెవి నీళ్లలోనే ఉండాలి. నోటితో చటుక్కున పీల్చి మళ్లీ ముఖం పెట్టేయండి. ఇలా ఆగకుండా 20 సార్లు.

ఇందులో చూడాల్సింది ఒక్కటే. 20 అయ్యేసరికి మీకు ఆయాసం ఉందా? కదలకుండా నిలబడి చేసిన పనికి ఆయాసం వచ్చిందంటే అది స్టామినా సమస్య కానే కాదు, గాలి లోపల పోగవుతోందని అర్థం. హాయిగా ఉన్నంతవరకూ ఈత మొదలుపెట్టకండి.

ప్రసాద్ గారు గాలి మొత్తం వదిలేయాలన్నారు. మొత్తం అక్కర్లేదు. లోపల కొంచెం ఉంచుకుంటే ఛాతీ తేలుతుంది. పూర్తిగా ఖాళీ చేసేస్తే మునుగుతారు, పైగా పీల్చేటప్పుడు గుటకలు వేసినట్టు లాక్కోవాల్సి వస్తుంది. మాట్లాడేటప్పుడు ఎంత వదులుతామో అంత.

మాధవి_ఫ్రిస్కో

ఇది నాకూ పనికొచ్చే థ్రెడ్. ఒక చిన్న మాట, మా దగ్గర పూల్ 25 గజాలు, అంటే 23 మీటర్లకి కొంచెం తక్కువ. అందుకని "రెండు లెంగ్తులు" అన్నది ఒక్కొక్కరికీ ఒక్కో దూరం.

నా సమస్య వేరు. నేను గాలి బాగానే వదులుతాను. కానీ తల తిప్పి నోరు తెరిస్తే నీళ్లు నోట్లోకి వచ్చేస్తున్నాయి. అలవాటుగా తల ఇంకా పైకి ఎత్తుతున్నాను. మా బాబుకి తొమ్మిదేళ్లు, వాడు ఎత్తకుండానే ఎంత సులువుగా తీసుకుంటాడో! మంచి ముక్కు క్లిప్ ఏదైనా ఉందా?

లలిత_వైజాగ్

ముక్కు క్లిప్ నోట్లోకి నీళ్లు రావడాన్ని ఆపదు మాధవి గారూ. మీ ఇద్దరి సమస్య నిజానికి ఒకటే, రవి గారికి పైకప్పు లైట్లు కనిపించడానికీ, మీకు నీళ్లు రావడానికీ మూలం ఒక్కటే, నోటిని నీటికి మరీ పైకి తేవాలని చూడటం.

మీరు ముందుకి వెళ్తున్నప్పుడు తల నీటిని తోస్తుంది. తల ముందు నీరు కాస్త పొంగి, చెంప పక్కన చిన్న గుంటలా కిందికి దిగుతుంది. ఊపిరి ఆ గుంటలో తీసుకోవాలి. అక్కడ నోరు నీటి మట్టం కంటే కిందే ఉన్నా గాలి దొరుకుతుంది. తల ఎత్తితే ఆ గుంట పోతుంది, ఎత్తిన తల బరువుకి నడుము దిగుతుంది, నోరు మళ్లీ నీటి దగ్గరికే వస్తుంది. అందుకే ఎత్తేకొద్దీ నీళ్లు ఎక్కువ వస్తాయి. మీ బాబు భయం లేక ఎత్తడు, అంతే తేడా.

గుర్తు పట్టడానికి సులువైన మార్గం గాగుల్స్. ఊపిరి తీసుకునేటప్పుడు ఒక కంటి అద్దం నీళ్లలో, ఒకటి బయట ఉండాలి. పక్క లేన్ తాడు కనిపించాలి. పైకప్పు కనిపిస్తే ఎక్కువ తిప్పారు, ఎదురుగా గోడ కనిపిస్తే తల ఎత్తారు. తల ఒక్కదాన్నీ తిప్పకూడదు. భుజాలు, తుంటి ఒక పక్కకి ఒరుగుతున్నప్పుడు వాటితో పాటే తల వెళ్లాలి. మెడ నొప్పి పుడుతోందంటే ఒళ్లు ఒరగకుండా మెడతోనే తిప్పుతున్నారని అర్థం.

ఎప్పుడు తిప్పాలన్నది కూడా ముఖ్యం. కుడివైపు తీసుకునేవాళ్లకి చెప్తున్నాను. ఎడమ చెయ్యి ముందుకి చాపి, కుడి చెయ్యి తొడ దగ్గర నీటిని తోసి ముగిస్తుండగా తల తిరగాలి. కుడి చెయ్యి గాల్లో భుజం దాటి ముందుకి పోయేలోపు ముఖం నీళ్లలోకి వెళ్లిపోవాలి. చాలామంది కుడి చెయ్యి బయటికి వచ్చాక, "అయ్యో, ఊపిరి" అని గుర్తొచ్చి తిప్పుతారు. అప్పటికి సగం సమయం పోయింది, తొందరలో సగం గాలే లోపలికి వెళ్తుంది.

ట్రై_వంశీ

నేను ట్రయాథ్లాన్లు చేస్తాను. లలిత గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను, రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది కాళ్లు. పరిగెత్తేవాళ్లకి చీలమండలు బిగుసుగా ఉంటాయి, పాదం వెనక్కి చాచినట్టు వంగదు. అలాంటి కాళ్లతో ఎంత కొట్టినా ముందుకి వెళ్లరు, గాలి మాత్రం ఖర్చవుతుంది. తొడ కండరాలు ఒంట్లో పెద్ద కండరాలు, వాటికి ఆక్సిజన్ బాగా కావాలి. రవి అన్నా, పరీక్ష చెప్తాను. తొడల మధ్య పుల్ బాయ్ అనే తేలే ఫోమ్ ముక్క పెట్టుకుని, కాళ్లు అసలు ఆడించకుండా రెండు లెంగ్తులు ఈదు. ఆయాసం సగానికి తగ్గిందంటే కాళ్లతో ఎక్కువ కొడుతున్నావు, లేదా కాళ్లు దిగిపోతున్నాయి. పుల్ బాయ్ ఉన్నా ఆయాసం అలాగే ఉందంటే ఊపిరి వదలడం దగ్గరే ఇంకా పని ఉంది.

రెండోది మూడు చేతుల పద్ధతి. కొత్తవాళ్లకి ఇది ఎందుకు చెప్తారో నాకు అర్థం కాదు. రెండు చేతులకి ఒకసారి తీసుకుంటే అదే దూరంలో ఊపిర్లు సగం ఎక్కువ. నీ 24 చేతుల లెక్కలో 8 ఊపిర్లకి బదులు 12 వస్తాయి. అమెరికా స్విమ్మర్ కేటీ లెడెకీ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల బంగారు పతకాలు గెలిచింది. ఆమె ఎక్కువగా ఒకే పక్క, రెండు చేతులకోసారి ఊపిరి తీసుకుంటూ ఈదుతుంది. ఆమెకే అంత గాలి కావాల్సి వస్తే మనం మూడు చేతులకి ఎందుకు ఆగాలి?

లలిత_వైజాగ్

పుల్ బాయ్ పరీక్ష మంచిది వంశీ గారూ, రవి గారు తప్పకుండా చేయాలి.

ఊపిర్ల లెక్క కూడా ఒప్పుకుంటాను. రవి గారు ప్రస్తుతానికి రెండు చేతులకి మారిపోవచ్చు. కానీ మూడు చేతుల పద్ధతిని నేను పూర్తిగా తీసిపారేయను, అందులో ఊపిరి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వస్తుంది. ఎప్పుడూ ఒకే పక్క తీసుకునేవాళ్లలో ఒళ్లు ఆ పక్కకే ఒరగడం అలవాటై, రెండో చెయ్యి వంకరగా పడుతుంది, లేన్‌లో ఒక పక్కకి లాగేస్తుంటారు. లెడెకీకి ఆ సమస్య రాకుండా చూసే కోచ్‌లు ఉన్నారు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి వెళ్లేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు చెప్తాను. గాలీ చాలుతుంది, రెండు పక్కలా అలవాటూ అవుతుంది.

ట్రై_వంశీ

రెండు పక్కలా రావాలన్నది సరే. కానీ ఆయాసంతో సతమతమయ్యే మనిషికి ఎడమవైపు కూడా నేర్పితే ఒకేసారి రెండు కొత్త పనులు అవుతాయి. నాలుగు లెంగ్తులు హాయిగా వచ్చేదాకా చేతికొచ్చిన పక్కే ఉండనివ్వాలని నా అభిప్రాయం. దీని మీద మా క్లబ్‌లో కూడా ఎప్పుడూ వాదనే.

సుజాత_టీచర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా. మా పూల్ ఇండోర్, లోపల ఘాటుగా క్లోరిన్ వాసన. ఈదాక పిల్లికూతలు వస్తాయి, దగ్గు కూడా. ఈ బుడగల పద్ధతి నాకు పనిచేస్తుందా?

లలిత_వైజాగ్

సుజాత గారూ, పిల్లికూతలకి మందు బుడగలు కాదు. ముందు మీ డాక్టర్‌ని అడిగి ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలో తెలుసుకోండి, పూల్ గట్టు మీద అందేచోట ఉంచుకోండి. ఆ ఘాటు వాసన వట్టి క్లోరిన్‌ది కాదు, చెమట, మూత్రం లాంటివాటితో క్లోరిన్ కలిసి పుట్టే పదార్థాలది. గాలి సరిగా ఆడని ఇండోర్ పూల్‌లో అవి నీటి పైనే పేరుకుంటాయి, సరిగ్గా మనం ఊపిరి తీసుకునే చోట. వీలైతే ఓపెన్ పూల్‌కి మారి చూడండి.

రవి గారూ, ఈ సందర్భంలో మీకూ ఒక మాట. ఛాతీ బిగుసుకున్నట్టు ఉంటుందన్నారు. గోడ దగ్గర ఊపిరి సర్దుకోగానే అది కూడా పోతోందా? పోతున్నా, శ్రమ చేసిన ప్రతిసారీ వస్తుంటే ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి. ఆగాక కూడా నొప్పి ఉన్నా, ఎడమ చేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా ఈత ఆపి వెంటనే డాక్టర్‌ని కలవండి. టెక్నిక్ తర్వాత చూసుకోవచ్చు.

రవి_కూకట్‌పల్లి

సర్దుకోగానే పోతోంది మేడం. పోయిన నెలే ఆఫీసులో హెల్త్ చెకప్, ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష టీఎంటీ కూడా అయ్యాయి, అంతా బాగానే ఉంది.

ఇప్పటిదాకా జరిగింది చెప్తాను. గట్టు పట్టుకుని చేసే బుడగలు మొదటిసారి 12 దగ్గరే ఆపాల్సి వచ్చింది, ఈదకుండానే ఆయాసం. వారం పోయాక 20 హాయిగా వస్తున్నాయి. పుల్ బాయ్ పెట్టుకుంటే నిజంగానే తేలికగా ఉంది వంశీ గారూ. రెండో లెంగ్త్ చివర్లో కొంచెం ఆయాసం ఉంది కానీ గోడని గట్టిగా పట్టుకోవాల్సిన పని లేదు. అంటే నా కాళ్లు కూడా దొంగలే అన్నమాట.

ఇప్పుడు మొత్తం కలిపి ఈదితే మాత్రం రెండో లెంగ్త్‌లో బుడగలు మర్చిపోతున్నాను. మొదట గుర్తుంటుంది, అలసట మొదలవగానే మళ్లీ బిగబట్టేస్తున్నాను.

లలిత_వైజాగ్

అది అందరికీ జరిగేదే. మీరు మొదటి లెంగ్త్‌ని చాలా వేగంగా ఈదుతున్నారు కాబట్టి అలా అవుతోంది. 27 సెకన్లకి వెళ్లి 36కి వచ్చారంటే మొదటి సగంలో చేసిన అప్పు రెండో సగంలో తీర్చుతున్నారు. మొదటి లెంగ్త్‌నే 35 సెకన్లకి ఈదండి. మరీ నెమ్మదిగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి. అలా ఈదలేక కాళ్లు మునిగిపోతుంటే తల ఎత్తుతున్నారేమో చూసుకోండి.

రెండు లెంగ్తులు ఒకేసారి వద్దు. ఒక లెంగ్త్ ఈది గోడ దగ్గర ఆగండి. గడియారం చూడకండి, ఊపిర్లు లెక్కపెట్టండి. పది నిదానమైన ఊపిర్లు తీసుకుని మళ్లీ బయలుదేరండి. అలా ఎనిమిది లెంగ్తులు. ఎనిమిదోది కూడా మొదటిదానిలాగే ఉంటే మరుసటిసారి ఎనిమిది ఊపిర్లే ఆగండి. తర్వాత ఆరు, తర్వాత నాలుగు. నాలుగు ఊపిర్ల విరామంతో ఎనిమిది లెంగ్తులు వచ్చాక, ఆగకుండా రెండు ఈదడం కష్టం కాదు. ఏ లెంగ్త్‌లోనైనా గోడ దగ్గర ఆ "హుఫ్" వినపడిందంటే ఆ లెంగ్త్‌లో బిగబట్టారన్నమాట. అప్పుడు విరామం తగ్గించకండి.

జిమ్_ప్రసాద్

ఊపిర్లు లెక్కపెట్టే ఐడియా బాగుంది మేడం, నేనూ చేస్తాను. అయినా స్టామినా అసలు అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను. 400 మీటర్లు ఈదాలంటే గుండె, ఊపిరితిత్తులు గట్టిపడాల్సిందే.

లలిత_వైజాగ్

400 మీటర్లకి కచ్చితంగా కావాలి ప్రసాద్ గారూ. 50 మీటర్లకి రవి గారి దగ్గర ఉన్నది చాలు అంటున్నాను, అంతే.

రవి_కూకట్‌పల్లి

అప్‌డేట్. ఆరు ఊపిర్ల విరామం దాకా వచ్చాను. నిన్న ఆగకుండా నాలుగు లెంగ్తులు పూర్తిచేశాను. ఒక్కోటి 35, 36 సెకన్లలో వచ్చింది. గోడ దగ్గర మొదట వచ్చింది పీల్పే, ఊదడం కాదు. మా అమ్మాయి గట్టు మీద నుంచి బుడగలు లెక్కపెడుతూ నడిచింది.

మా ఆవిడ పక్క నుంచి వీడియో తీసింది. అందులో ఒకటి కనిపించింది. నేను కుడివైపు ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ముందుకి చాపిన ఎడమ చెయ్యి ఆగకుండా కిందికి దిగిపోతోంది. ముఖం మళ్లీ నీళ్లలోకి వచ్చేసరికి ఆ చెయ్యి పొట్ట కిందికి చేరిపోయి ఉంటోంది. కుడివైపు తీసుకోని చేతులప్పుడు ఇలా లేదు. ఇది ఊపిరికి సంబంధించినదేనా, చేతి సమస్యా?

ట్రై_వంశీ

ఊపిరికి సంబంధించినదే అన్నా. తల పైకి లేపడానికి ఆ చేతిని ఊతగా వాడుతున్నావు. నీటిని కిందికి నొక్కితే తల లేస్తుంది, ముందుకి మాత్రం వెళ్లవు. తర్వాత లాగడానికి చెయ్యి మిగలదు. ఆ లోటు పూడ్చడానికి కాళ్లు గట్టిగా కొడతావు. నీ కాళ్లు గాలి తినడానికి కారణం ఇదే అయి ఉండొచ్చు.

లలిత_వైజాగ్

అవును. దీనికి పక్క మీద పడుకుని చేసే అభ్యాసం ఉంది. కాళ్లకి చిన్న ఫిన్స్ వేసుకోండి, లేకపోతే మీ చీలమండలతో మునిగిపోతారు. ఎడమ చెయ్యి ముందుకి చాపి, కుడి చెయ్యి తొడ మీద పెట్టి, ఎడమ పక్క మీద ఒరిగి మెల్లగా కిక్ చేస్తూ వెళ్లండి. ముఖం కిందికి, సన్నగా బుడగలు. ఊపిరి కావాల్సినప్పుడు తల మాత్రం కాస్త తిప్పి పీల్చి మళ్లీ కిందికి. ఇక్కడ ఎడమ చెయ్యి కదలకూడదు. చాపిన వేళ్లు నీటి మట్టానికి ఒక జానెడు కింద, ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. ఊపిరి తీసుకునేటప్పుడు ఆ వేళ్లు కిందికి జారాయంటే తల బరువు చేతి మీద వేశారని అర్థం. చెవిని ఎడమ చేతి కండ మీద ఆనించి పడుకున్నట్టు ఉంచితే చెయ్యి దిగదు.

ఇది కుదరడానికి బుడగల కంటే ఎక్కువ సమయం పడుతుంది. తొందరపడకండి.

మాధవి_ఫ్రిస్కో

నేను చెవి నీళ్లలో ఉంచి ప్రయత్నించాను లలిత గారూ. మొదట్లో రెండుసార్లు నీళ్లు మింగాను కానీ, గాగుల్స్ గుర్తు పెట్టుకున్నాక బాగా తగ్గింది. నోటిని కొంచెం పక్కకి, చెంప వైపు వంకరగా తెరిస్తే ఇంకా బాగుంటోంది. ఇది సరైనదేనా, లేక చెడు అలవాటా?

లలిత_వైజాగ్

సరైనదే. పోటీల్లో ఈదేవాళ్లని దగ్గరగా చూస్తే చాలామంది నోరు అలాగే తెరుస్తారు. కింది మూల మూసి పై మూలతో పీలుస్తారు.

నరేష్_వరంగల్

నేను కొత్తగా చేరాను. నాది 50 మీటర్ల పూల్. లోతు వైపు వెళ్లగానే, అడుగు కనిపించగానే ఊపిరి ఆగిపోతుంది. లోతు తక్కువగా ఉన్న వైపు బుడగలు బాగానే వస్తాయి. మీరు చెప్పిన ఊపిర్ల విరామం నాకు కుదరదు, మధ్యలో పట్టుకోవడానికి గోడ లేదు. లేన్ తాడు పట్టుకుని ఆగొచ్చా? ఇంకొకటి, గోడని తన్ని తిరిగేటప్పుడు ఊపిరి ఎప్పుడు తీసుకోవాలి? తన్నాక చాలాసేపు బిగబట్టేస్తున్నాను.

లలిత_వైజాగ్

నరేష్ గారూ, మీరు ప్రస్తుతానికి పొడవు ఈదకండి. లోతు తక్కువగా ఉన్న వైపే అడ్డంగా, గట్టు నుంచి గట్టుకి ఈదండి. లైఫ్‌గార్డ్‌ని అడిగితే రద్దీ లేని సమయంలో ఒప్పుకుంటారు. లేన్ తాడు తప్పనిసరైతే పట్టుకోండి, దాని మీద బరువు వేయకండి. లోతు వైపు గట్టు పక్క లేన్‌లో, తోడు ఎవరైనా ఉన్నప్పుడే వెళ్లండి.

తిరిగేటప్పుడు గోడ ముట్టుకున్న చేతితోనే ఒళ్లు తిప్పండి, అప్పుడు నోరు బయట ఉంటుంది, పీల్చేయండి. పాదాలు గోడని వదిలిన క్షణం నుంచే ముక్కుతో "మ్‌మ్‌మ్" మొదలవ్వాలి. మొదటి చెయ్యి వేసేదాకా ఆగితే మూడు సెకన్లు బిగబట్టినట్టే. మొదటి రెండు చేతుల్లోనే ఊపిరి తీసుకోండి, వేగం తగ్గినా ఫర్వాలేదు.

ట్రై_వంశీ

లోతు భయం సంగతి నేను సరిగా చెప్పలేను. మా క్లబ్‌లో కొందరికి అడుగున ఉన్న నల్ల గీత మీదే కళ్లు పెడితే తగ్గింది, కొందరికి అసలు తగ్గలేదు. ఇక్కడ ఎవరైనా దాన్ని దాటినవాళ్లు ఉంటే నరేష్‌కి రాయండి.